సర్టిఫైడ్ పాత కారు: బోర్డు మీద ఒకటి, కాగితం మీద ఒకటి

సెకండ్ హ్యాండ్ కారు కొనబోయే ఇంట్లో రెండు మాటలు తప్పకుండా వినిపిస్తాయి. ఒకటి ‘సర్టిఫైడ్ కారైతే భయం లేదు’. రెండోది ‘రీసేల్ ఉన్న కారే తీసుకో’. రెండూ నిజమే. కానీ ఈ రెండింటికీ కొనేవాడే డబ్బు కడుతున్నాడన్న సంగతి బేరం వేడిలో ఎవరికీ గుర్తుండదు. కన్సల్టెన్సీలో 3 లక్షల 80 వేలకు దొరికే కారు కంపెనీ షోరూంలో 4 లక్షల 20 వేలు ఉందంటే, పైన పెట్టే 40 వేలు సర్టిఫికెట్ ధర. రీసేల్ బాగున్న మోడల్ ఐదేళ్లు తిరిగాక కూడా ధర తగ్గలేదంటే, ఆ లాభం మొదటి ఓనర్‌కు చేరిపోయిందని అర్థం. ఈ అదనపు డబ్బుకు తిరిగి ఏం వస్తుందో చూడటమే అసలు పని.

తెలుగు రాష్ట్రాల్లో పాత కార్లు అమ్మేవాళ్లు ప్రధానంగా మూడు రకాలు. మొదటి రకం కార్ల కంపెనీల సొంత విభాగాలు. మారుతి 2001లో మొదలుపెట్టిన ట్రూ వాల్యూ, హ్యుందాయ్ హెచ్ ప్రామిస్, టయోటా యూ ట్రస్ట్ ఈ కోవలోవి. రెండో రకం స్పిన్నీ, కార్స్24 లాంటి ఆన్‌లైన్ సంస్థలు. ఇవి కారును ముందు తామే కొని, బాగుచేసి అమ్ముతాయి. నచ్చకపోతే కొన్ని రోజుల్లో వెనక్కి ఇచ్చే సౌకర్యం వీటి ప్రత్యేకత. మూడో రకం ఊరూరా ఉండే ఆటో కన్సల్టెన్సీలు. వీళ్ల దగ్గర చాలా కార్లు ఓనర్ల తరఫున కమీషన్ మీద నిలబెట్టినవే. మాట మీద నిలబడే కన్సల్టెన్సీ ఓనర్లు ప్రతి ఊళ్లోనూ ఉంటారు. అయితే ఆ మాటకు కాగితం ఉండదు.

కంపెనీ షోరూంలోకి వెళితే మొదట చెప్పేది పాయింట్ల సంఖ్య. ట్రూ వాల్యూ 376 అంశాలు తనిఖీ చేస్తామంటుంది, యూ ట్రస్ట్ 203, హెచ్ ప్రామిస్ 161. ఈ అంకెల్లో పెద్దది చూసి మురిసిపోనక్కర్లేదు. నాలుగు డోర్ల హ్యాండిళ్లు, నాలుగు అద్దాలు, నాలుగు బీడింగులు విడివిడిగా లెక్కేస్తే సంఖ్య అదే పెరుగుతుంది. కావలసింది సంఖ్య కాదు, ఆ కారుకు సంబంధించిన తనిఖీ షీట్. దాని మీద ఆ కారు ఛాసిస్ నంబరు, తనిఖీ జరిగిన తేదీ, అప్పటి మీటర్ రీడింగ్, మార్చిన భాగాల పేర్లు ఉండాలి. అన్ని గళ్లలోనూ ‘ఓకే’ అని మాత్రమే ఉన్న షీట్ కంటే, ‘ముందు బంపర్ రీపెయింట్, ఎడమ ఫెండర్ మార్చారు’ అని రాసి ఉన్న షీట్‌ను ఎక్కువ నమ్మవచ్చు. ఐదేళ్లు హైదరాబాద్ ట్రాఫిక్‌లో తిరిగిన కారుకు ఎక్కడా గీత పడలేదంటే, తనిఖీ చేసినవాడు కారు చుట్టూ తిరగలేదని అనుకోవాల్సి వస్తుంది.

ఇంకో చిక్కు ఉంది. ఒకే షెడ్డు కింద సర్టిఫై అయిన కార్లూ, కానివీ పక్కపక్కనే నిలబెట్టే చోట్లున్నాయి. పైన బోర్డు ఒకటే కాబట్టి రెండూ ఒకటే అనుకుంటారు. సేల్స్‌మన్‌ను ‘ఈ నంబరు కారుకు వారంటీ సర్టిఫికెట్ ఇస్తారా?’ అని సూటిగా అడిగితే తేలిపోతుంది.

వారంటీ కాగితం చేతికొచ్చాక ముందు చదవాల్సింది వర్తించని వాటి జాబితా. మామూలుగా ఈ వారంటీ ఇంజిన్‌కూ గేర్‌బాక్స్‌కూ పరిమితం. క్లచ్ ప్లేట్, బ్రేక్ ప్యాడ్లు, టైర్లు, బ్యాటరీ, సస్పెన్షన్ రబ్బర్లు అరిగిపోయే సామానుగా లెక్కేసి పక్కన పెడతారు. ఏడాది, లేదా ఫలానా కిలోమీటర్లు, ఏది ముందైతే అది అనే పరిమితి ఉంటుంది. సర్వీసింగ్‌ను వాళ్లు చెప్పిన చోటే, చెప్పిన సమయానికి చేయించాలి. ఒక్క సర్వీస్ బయట చేయించినా క్లెయిమ్ తిరస్కరించే అవకాశం ఉంటుంది. పాత చిన్న కారులో మొదటి ఏడాది ఖర్చు పెట్టించేవి సరిగ్గా ఆ క్లచ్, టైర్లు, బ్యాటరీలే. కాబట్టి వాటి పరిస్థితి చూసి, మార్చాల్సినవి ఉంటే ఆ మొత్తాన్ని బేరంలోనే తగ్గించుకోవాలి.

డీలర్ పద్ధతైనవాడా కాదా అని తేల్చే చట్టబద్ధమైన గీటురాయి ఇప్పుడొకటుంది. కేంద్ర మోటారు వాహనాల నిబంధనలకు 2022 డిసెంబరులో చేసిన సవరణ 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. దాని ప్రకారం రిజిస్టర్ అయిన వాహనాలు కొని అమ్మే డీలర్ రవాణా శాఖ దగ్గర అధికార పత్రం తీసుకోవాలి. ఫారం 29బీ రూపంలో ఉండే ఈ పత్రం ఐదేళ్లు చెల్లుతుంది. ఓనర్ కారును డీలర్‌కు అప్పగించినప్పుడు ఫారం 29సీ ద్వారా ఆ సంగతి ఆన్‌లైన్‌లో తెలియజేయాలి. అప్పటి నుంచి ఆ బండి వల్ల వచ్చే బాధ్యత డీలర్‌ది. దాన్ని అతను ట్రయల్‌కో, రిపేరుకో, పెయింటింగుకో తప్ప సొంతానికి తిప్పకూడదు. తిప్పిన ప్రతిసారీ ఎలక్ట్రానిక్ రిజిస్టర్‌లో రాయాలి. ఈ అధికార పత్రం డీలర్లందరూ తీసుకోలేదు. తీసుకున్నవాడు అడగ్గానే చూపిస్తాడు.

ఈ నిబంధన ఎందుకు అవసరమైందో సుప్రీంకోర్టు 2018 ఫిబ్రవరిలో ఇచ్చిన నవీన్ కుమార్ వర్సెస్ విజయ్ కుమార్ తీర్పు చదివితే తెలుస్తుంది. ఆ కేసులో ఓనర్ తన కారును 2007లో అమ్మేశానన్నాడు. కొన్నవాడు మరొకరికి, అతను ఇంకొకరికి అమ్ముకుంటూ పోయారు. ఆర్సీ మాత్రం మొదటి ఓనర్ పేరు మీదే ఉండిపోయింది. 2009లో ఆ కారు ప్రమాదం చేసి ఒకరి ప్రాణం తీసింది. ఎన్ని చేతులు మారినా ఆర్సీలో ఎవరి పేరుంటే చట్టం దృష్టిలో వారే ఓనరని, నష్టపరిహారం బాధ్యత కూడా వారిదేనని కోర్టు తేల్చింది. పాత కారు ఎక్స్చేంజికి ఇచ్చి, సంతకాలు చేసిన ఫారం 29, 30 డీలర్ చేతిలో పెట్టి వచ్చేసేవాళ్లు ఒకసారి ఆలోచించుకోవాల్సిన తీర్పు ఇది.

డీలర్ సంగతి తేలాక మిగిలేది కారు గతం. మీటర్‌ను వెనక్కి తిప్పడం పెద్ద విద్యేమీ కాదు, డిజిటల్ మీటర్‌కైనా అంతే. దాన్ని పట్టించేది షోరూం ట్రాక్, అంటే కంపెనీ సర్వీస్ రికార్డు. రిజిస్ట్రేషన్ నంబరుతో ఆ కంపెనీ వర్క్‌షాప్‌లో ఎక్కడ అడిగినా తేదీల వారీగా కిలోమీటర్లు వస్తాయి. 2022 ఆగస్టులో 51 వేలు రాసి, ఇవాళ మీటర్ 43 వేలు చూపిస్తే ఇక మాట్లాడటానికేం లేదు. మూడేళ్ల క్రితమే ట్రాక్ ఆగిపోయి ఉంటే మాత్రం టైర్లను అడగాలి. టైర్ పక్కన చివర నాలుగు అంకెలుంటాయి. 1423 అంటే 2023లో 14వ వారంలో తయారైందని లెక్క. 2020 మోడల్ కారు, మీటర్ మీద 28 వేలు, నాలుగు టైర్లూ 2023వి అయితే, ఒరిజినల్ టైర్లు అంత తొందరగా ఎందుకు అరిగాయో డీలర్ చెప్పాలి. చిన్న కారు టైర్లు మామూలుగా 40 వేల పైనే వస్తాయి.

ప్రమాదం సంగతి ఇన్సూరెన్స్ పాలసీ చెబుతుంది. క్లెయిమ్ లేకుండా గడిచిన ఏడాదికి నో క్లెయిమ్ బోనస్ 20 శాతంతో మొదలై, 25, 35, 45 మీదుగా ఐదేళ్లకు 50 శాతానికి చేరుతుంది. ఐదేళ్ల సింగిల్ ఓనర్ కారు పాలసీలో ఈ బోనస్ సున్నా అనో 20 అనో ఉంటే, మధ్యలో క్లెయిమ్ అయి ఉండాలి, లేదంటే పాలసీ తెగిపోయి ఉండాలి. రెండింటిలో ఏదో అడిగి, క్లెయిమ్ అయితే ఆ బిల్లు చూపించమనాలి. బంపర్ బిల్లయితే పర్వాలేదు. ఛాసిస్‌కు టింకరింగ్ చేసిన బిల్లయితే ఆ కారు వదిలేయాలి. బోనస్‌ను కాపాడే ప్రత్యేక కవర్ ఉన్న పాలసీల్లో మాత్రం ఈ గుర్తు పనిచేయదు. అక్కడ డోర్ల రబ్బరు బీడింగు లాగి లోపలి వెల్డింగ్ చుక్కలు చూడాలి. కంపెనీ వేసిన చుక్కలు ఒకే దూరంలో, ఒకే గుండ్రంతో వరుసగా ఉంటాయి. చేత్తో చేసిన పని ఎగుడుదిగుడుగా కనిపిస్తుంది.

మన దగ్గర ప్రత్యేకంగా చూడాల్సింది వరద. 2020 అక్టోబరులో హైదరాబాద్ కాలనీల్లో, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు విజయవాడలో ఎన్నో కార్లు నీళ్లలో నానాయి. బీమా సంస్థలు పూర్తి నష్టం కింద తేల్చిన కార్లు వేలంలో తక్కువ ధరకు పోతాయి. బాగుచేయించి మళ్లీ అమ్మకానికి పెట్టే అవకాశం అక్కడే ఉంది. సీట్లు కడిగి సెంటు కొడితే వాసన పోతుంది గానీ, సీటు బెల్టును చివరిదాకా లాగితే లోపలి మీటరు పట్టీ మీద బురద గీత అలాగే ఉంటుంది. సీటు పట్టాల బోల్టులకు తుప్పు, స్టెప్నీ కింద గుంతలో ఎండిన మట్టి, హెడ్‌లైట్ లోపల మసక కనిపించినా అనుమానించాలి. నీళ్లు చూసిన వైరింగు ఏడాది తర్వాత కూడా సమస్యలు తెస్తుంది. దానికి ఏ వారంటీ ఉపయోగపడదు.

ఇక ధర. బేరం మొదలుపెట్టేటప్పుడు అమ్మేవాడు ‘నాకు ఏడు లక్షలు పడింది’ అంటాడు. ఆ మాటతో పనిలేదు. ఇవాళ అదే మోడల్ కొత్తది ఎంతన్నదే లెక్క. 2025 సెప్టెంబరు 22 నుంచి చిన్న కార్ల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి దిగింది, పైన ఉన్న సెస్సు కూడా పోయింది. అప్పట్లో 5 లక్షల 79 వేల దగ్గర మొదలయ్యే వ్యాగన్ఆర్ షోరూం ధర 5 లక్షల లోపుకు వచ్చింది. కొత్తది దిగితే పాతదీ దిగాలి. మరో పక్క 2025 జనవరి నుంచి డీలర్లు పాత కార్ల మీద కట్టే పన్ను అన్ని సైజులకూ 18 శాతమైంది. ఇది అమ్మకం ధర మీద కాదు, డీలర్ లాభం మీద మాత్రమే. 40 వేలు మిగిలిన చోట పన్ను 7,200 లోపే ఉంటుంది. ‘కారు ధర మీద 18 శాతం పన్ను కట్టాలి సార్’ అనే డీలర్ మాట నమ్మనక్కర్లేదు.

మోడళ్ల పోలికకు రెండు కార్లు చాలు. రెండూ 2020 మోడల్ పెట్రోలు, మాన్యువల్ గేర్లు. ఒకటి మారుతి వ్యాగన్ఆర్ 1 లీటర్, రెండోది టాటా టియాగో 1.2 లీటర్. ఉదాహరణకు సర్టిఫైడ్ షోరూంలో వ్యాగన్ఆర్ 4 లక్షల 20 వేలు, టియాగో 3 లక్షల 60 వేలు చెబుతున్నారనుకుందాం. నాలుగేళ్లు వాడి అమ్మేటప్పుడు వ్యాగన్ఆర్‌కు 2 లక్షల 60 వేలు, టియాగోకు లక్షా 90 వేలు వస్తాయనుకుందాం. అంటే తరుగుదల ఒకదానికి లక్షా 60 వేలు, మరోదానికి లక్షా 70 వేలు. రీసేల్ గురించి ఇంత చర్చ జరిగితే, రెండో ఓనర్‌కు తేడా తేలింది 10 వేలు. పెద్ద తరుగుదల మొదటి ఓనర్ దగ్గరే అయిపోయింది మరి.

ఇప్పుడు కూకట్‌పల్లి నుంచి ఆఫీసుకు రోజూ వెళ్లొచ్చే మనిషిని తీసుకుందాం. ఏడాదికి 12 వేల కిలోమీటర్లు. సిటీలో వ్యాగన్ఆర్ లీటరుకు 16, టియాగో 14 ఇస్తాయనుకుని, లీటరు 107 రూపాయల లెక్కన చూస్తే, ఏడాది పెట్రోలు ఖర్చు వ్యాగన్ఆర్‌కు 80 వేలు, టియాగోకు దాదాపు 91,700. నాలుగేళ్లలో తేడా 46 వేలు. ఇన్సూరెన్స్‌లో థర్డ్ పార్టీ ప్రీమియం 1000 సీసీ లోపు కార్లకు ఏడాదికి 2,094 రూపాయలు, అది దాటితే 3,416. నాలుగేళ్లకు మరో 5,300 తేడా. పైన చెప్పిన తరుగుదల 10 వేలు కలిపితే వ్యాగన్ఆర్ వైపు 61 వేలు మొగ్గుంది. కానీ దాని కోసం ముందు 60 వేలు ఎక్కువ పెట్టారు. 9 శాతం వడ్డీ వేసుకుంటే నాలుగేళ్లకు 21,600. చివరికి మిగిలేది 40 వేల దాకా. కిలోమీటరుకు 80 పైసల పైమాటే. ఈ మనిషికి వ్యాగన్ఆర్ లాభం.

అదే కారు ఖమ్మంలో ఒక ఇంటి ముందు ఉండి, ఆదివారాలు, పెళ్లిళ్లు, ఆసుపత్రి పనులకు ఏడాదికి 4 వేల కిలోమీటర్లే తిరిగితే? పెట్రోలు తేడా నాలుగేళ్లకు 15 వేలకు పడిపోతుంది. మిగతా లెక్క అంతే ఉంటుంది. వడ్డీ తీసేశాక వ్యాగన్ఆర్‌కు మిగిలేది 9 వేలు, నెలకు రెండు వందల లోపు. ఇక్కడ ఇంకో విషయం బరువు తూగుతుంది. గ్లోబల్ ఎన్‌క్యాప్ క్రాష్ పరీక్షలో 2020 జనవరిలో టియాగోకు 4 స్టార్లు వచ్చాయి. ఈ తరం వ్యాగన్ఆర్‌కు 2019లో 2, 2023లో ఒకటే వచ్చాయి. నెలకు రెండు వందల తేడాతో రెండు స్టార్లు ఎక్కువ దొరుకుతుంటే, తక్కువ తిరిగే కుటుంబం టియాగో వైపు చూడటంలో తప్పులేదు. మైలేజీ అంకెలు మాత్రం ఎవరికి వారు మార్చుకుని లెక్క వేసుకోవాలి. హైవే మీద తిరిగేవారికి తేడా ఇంకా తగ్గుతుంది.

ఎక్కువ తిరిగేవారికి సీఎన్‌జీ మరో దారి. కిలో 96 రూపాయలు, కిలోకు 24 కిలోమీటర్లు అనుకుంటే, పైన చెప్పిన 12 వేల కిలోమీటర్లకు 48 వేలే అవుతుంది. ఏడాదికి 32 వేలు మిగులు. డిక్కీలో సిలిండర్ కూర్చుంటుంది కాబట్టి సామాను చోటు పోతుంది. ఆర్సీలో ఇంధనం గడిలో పెట్రోల్, సీఎన్‌జీ రెండూ ఉండాలి. సిలిండర్‌కు మూడేళ్లకోసారి చేసే హైడ్రో టెస్ట్ గడువు దాటకూడదు. బయట కిట్ పెట్టించి ఆర్సీలో ఎక్కించని కారుకు ప్రమాదం జరిగితే, బీమా సంస్థతో పేచీ తప్పదు.

లెక్కకు అందనిది కంపెనీ వెళ్లిపోవడం. ఫోర్డ్ 2021 సెప్టెంబరులో ఇండియాలో తయారీ ఆపుతున్నట్టు ప్రకటించింది. డాట్సన్ 2022లో వెళ్లింది. షెవర్లే 2017 చివర్లోనే అమ్మకాలు మానేసింది. ఫిగో నడపడానికి మంచి కారు, పాత ధరకు ఆకర్షణగానే ఉంటుంది. కానీ మళ్లీ అమ్మే ఉద్దేశం ఉన్నవారికి అది పనికిరాదు. దగ్గరలో నమ్మకమైన మెకానిక్ ఉండి, బండి అయిపోయేదాకా వాడుకునేవారికే ఆ బేరం గిట్టుబాటు.

వయసు పెరిగిన కార్ల లెక్క వేరు. 15 ఏళ్లు దాటితే ఫిట్‌నెస్ పరీక్ష చేయించి రిజిస్ట్రేషన్ రెన్యూవల్ చేయించుకోవాలి. 2022 ఏప్రిల్ నుంచి కార్లకు దాని ఫీజే 5 వేలు, గ్రీన్ ట్యాక్స్ దానికి అదనం. 11 ఏళ్ల కారు కొని నాలుగేళ్లు వాడితే, అమ్మే రోజున కొనేవాడు ఈ ఖర్చునే ముందు ఎత్తుతాడు. పైగా ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు. 2023 ఏప్రిల్‌కు ముందు తయారైన చాలా కార్లు దానికోసం డిజైన్ చేసినవి కావు. అలాంటి కార్లలో మైలేజీ కొంత తగ్గుతుందని, పాత వాటిలో కొన్ని రబ్బరు భాగాలు మార్చాల్సి రావచ్చని కేంద్రమే చెప్పింది. ఢిల్లీ నుంచి చవకగా వచ్చిన కార్ల విషయంలో ఇంకో ఖర్చుంది. ఎన్‌ఓసీ తెచ్చుకోవడంతో పాటు ఇక్కడ జీవిత పన్ను మళ్లీ కట్టాలి. డీలర్ చెప్పే ధరలో అది కలిసి ఉందో లేదో రాయించుకోవాలి.

డబ్బు చెల్లించే రోజున ఆర్సీలో ఫైనాన్స్ సంస్థ పేరు ఉంటే, బ్యాంకు ఎన్‌ఓసీ, ఫారం 35 చూడకుండా పూర్తి మొత్తం ఇవ్వకూడదు. ఛాసిస్ నంబరు ఆర్సీతో కలిసిందా, పెండింగ్ చలాన్లు ఎన్ని ఉన్నాయి అన్నది అక్కడే కూర్చుని చూసుకోవచ్చు. ఇన్సూరెన్స్ పేరు మార్పుకు 14 రోజుల్లో దరఖాస్తు చేయకపోతే, థర్డ్ పార్టీ కవర్ మినహా సొంత కారు దెబ్బతిన్నప్పుడు వచ్చే క్లెయిమ్ చిక్కుల్లో పడుతుంది. పాత ఓనర్ నో క్లెయిమ్ బోనస్ కారుతో రాదు, కాబట్టి ప్రీమియం కొంత పెరుగుతుంది. పాత ఫాస్టాగ్ మూయించి కొత్తది తీసుకోవాలి. ఆర్సీ బదిలీకి ఎన్ని రోజులు పడుతుందో, ఆలస్యమైతే డీలర్ ఏం చేస్తాడో డెలివరీ నోట్‌లో రాయించుకుని, చివరి 10 వేలు కొత్త ఆర్సీ వచ్చాకే ఇస్తామని బేరం పెట్టుకునేవాళ్లున్నారు. పేరున్న డీలర్లు దానికి ఒప్పుకుంటారు, కొందరు రసీదు మీద తామే రాసిస్తారు.